లోపలి కీలు గల సంయుక్త బీమ్: రెండు ముక్కలుగా విడదీసి ప్రతిచర్యలు కనుక్కోవడం

రెండు లేదా అంతకన్నా ఎక్కువ బీమ్ ముక్కలను కొస నుంచి కొసకు కీలుతో కలిపి, మొత్తాన్ని సపోర్టుల మీద నిలిపితే దాన్ని లోపలి కీలు గల సంయుక్త బీమ్ అంటారు. ఒక ముక్క మీద పడిన బరువులో కొంత భాగం కీలు ద్వారా పక్క ముక్కకు చేరవచ్చు. కీలు నిలువు బలాన్నీ, అడ్డ బలాన్నీ మోస్తుంది కానీ మూమెంటును మోయదు. తలుపు బందు రెక్కను వేలాడదీసి పట్టుకుంటూనే తిరగనిచ్చినట్టు, ఈ కీలు రెండు ముక్కల కొసలనూ ఒకేచోట పట్టి ఉంచుతుంది. ఏ ముక్క ఎంత వాలాలన్నది ఆ ముక్కకే వదిలేస్తుంది. అందుకే కీలు దగ్గర బెండింగ్ మూమెంట్ ఎప్పుడూ సున్నా. బరువు ఎంత ఉన్నా, ఎక్కడున్నా ఈ మాట మారదు. ఈ వ్యాసంలో చెప్పే లెక్కంతా ఈ ఒక్క సున్నా మీద నిలబడింది.

వంతెనల వాళ్లు ఇలాంటి బీమ్‌ను గెర్బర్ బీమ్ అంటారు. జర్మన్ ఇంజనీరు హైన్‌రిష్ గెర్బర్ 1866లో ఈ పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. బవేరియాలో మైన్ నది మీద హాస్‌ఫుర్ట్ దగ్గర 1867లో దీనితో వంతెన కట్టాడు.

నాలుగో సమీకరణం ఎందుకు కావాలి

ఒక తలంలో ఉన్న ఏ వస్తువుకైనా సమతాస్థితి మూడు సమీకరణాలే ఇస్తుంది. అడ్డ బలాల మొత్తం సున్నా, నిలువు బలాల మొత్తం సున్నా, ఏదో ఒక బిందువు చుట్టూ మూమెంట్ల మొత్తం సున్నా. రెండో బిందువు చుట్టూ మూమెంట్లు రాసినా కొత్త సమాచారమేమీ రాదు. మొదటి మూడింటిలో ఉన్నదే వేరే రూపంలో వస్తుంది.

ఇప్పుడు ఎడమ కొస గోడలో బిగించి, కుడి కొస రోలర్ మీద ఉంచిన బీమ్‌ను తీసుకుందాం. బిగించిన కొస అడ్డ బలం, నిలువు బలం, మూమెంట్ అనే మూడు ప్రతిచర్యలు ఇస్తుంది. రోలర్ ఒక నిలువు బలాన్నిస్తుంది. తెలియని రాశులు నాలుగు, సమీకరణాలు మూడు. కీలు లేకపోతే ఈ బీమ్‌ను సమతాస్థితి ఒక్కదానితో తేల్చలేం. అది ఎంత వంగుతుందో కూడా లెక్కించాలి, అందుకు బీమ్ గట్టిదనం తెలియాలి. మధ్యలో ఒక కీలు పెడితే నాలుగో సమీకరణం దొరుకుతుంది: కీలు దగ్గర మూమెంట్ సున్నా.

ఈ నాలుగో సమీకరణం బీమ్ మొత్తాన్ని ఒకే వస్తువుగా చూస్తే కనిపించదు. మొత్తంగా చూసినప్పుడు కీలులోని బలాలు లోపలి బలాలు. ఎడమ ముక్క కుడి ముక్కను ఎంత నెడుతుందో కుడి ముక్క ఎడమ ముక్కను అంతే తిరిగి నెడుతుంది కాబట్టి మొత్తంలో అవి రద్దయిపోతాయి. మొత్తం బీమ్ సమీకరణాలకు కీలు ఉన్నదీ లేనిదీ ఒకటే. కాబట్టి కీలు చెప్పే మాట వినాలంటే బీమ్‌ను అక్కడ విడదీయాల్సిందే. ఈ సంగతి లెక్క చేసేటప్పుడు ఎంత ముఖ్యమో, చేసిన లెక్క సరిచూసుకునేటప్పుడు అంతకన్నా ముఖ్యం. చాలామంది పొరపాటు పడేది ఆ రెండో చోటే.

పూర్తిగా చేసిన ఒక లెక్క

పది మీటర్ల బీమ్. ఎడమ కొస ఎ గోడలో బిగించి ఉంది. ఎ నుంచి 4 మీటర్ల దూరంలో బి అనే కీలు, అక్కడి నుంచి మరో 6 మీటర్ల దూరంలో సి అనే రోలర్ ఉన్నాయి. బీమ్ పొడవునా మీటరుకు 10 కిలోన్యూటన్ల చొప్పున సమంగా పరచిన భారం ఉంది. దానికి తోడు, కీలుకు కుడివైపు 2 మీటర్ల దూరంలో, అంటే ఎ నుంచి 6 మీటర్ల దగ్గర, 30 కిలోన్యూటన్ల బరువు ఒకేచోట ఉంది.

ముందుగా ఏ ముక్కతో మొదలుపెట్టాలో తేల్చుకోవాలి. ఒక్కో ముక్కను విడిగా ఊహించుకుని, పక్క ముక్క లేకుండా ఇది నిలబడుతుందా అని అడగాలి. ఎ–బి ముక్క గోడలో బిగించి ఉంది కాబట్టి బి–సి లేకపోయినా నిలబడుతుంది. బి–సి ముక్కకు ఒక రోలరే ఉంది కాబట్టి ఎ–బి లేకపోతే పడిపోతుంది. ఒంటరిగా నిలబడలేని ముక్కనే ముందు పట్టుకోవాలి. అది మీద కూర్చునే ముక్క, రెండోది దాన్ని మోసే ముక్క. మోసే ముక్కతో మొదలుపెడితే దాని మీద గోడ ప్రతిచర్యలు మూడు, కీలు బలాలు రెండు, మొత్తం ఐదు తెలియని రాశులు ఎదురై లెక్క అక్కడే ఆగిపోతుంది. మీద కూర్చునే ముక్కకు కీలు బలాలు రెండు, రోలర్ ఒకటి, మొత్తం మూడే. దానికున్న మూడు సమీకరణాలకు అవి సరిపోతాయి.

బి–సి ముక్క ఫ్రీ బాడీ డయాగ్రమ్ గీయాలి. ఎడమ కొసన కీలు నుంచి వచ్చే నిలువు బలాన్ని పైకి చూపిద్దాం. దిశ తప్పుగా ఊహించినా నష్టం లేదు, జవాబు ఋణ సంఖ్యగా వస్తుంది. కుడి కొసన సి ప్రతిచర్య పైకి. మధ్యలో రెండు బరువులు కిందికి. పరచిన భారం ఈ ముక్క మీద 10 × 6 = 60 కిలోన్యూటన్లు, అది ముక్క మధ్యలో, బి నుంచి 3 మీటర్ల దగ్గర పనిచేస్తున్నట్టు. 30 కిలోన్యూటన్ల బరువు బి నుంచి 2 మీటర్ల దగ్గర. బి చుట్టూ మూమెంట్లు రాస్తే:

సి × 6 = 60 × 3 + 30 × 2 = 240
సి = 40 కిలోన్యూటన్లు, పైకి

ఈ ముక్క మీద మొత్తం బరువు 90. అందులో 40 సి మోస్తోంది కాబట్టి మిగిలిన 50 కిలోన్యూటన్లను కీలు మోయాలి. బి–సి ముక్క మీద కీలు బలం 50, పైకి. అడ్డంగా నెట్టే బరువేదీ లేదు, రోలర్ అడ్డ బలాన్ని ఆపలేదు, కాబట్టి కీలులో అడ్డ బలం సున్నా.

ఇప్పుడు ఎ–బి ముక్క. కీలు బి–సి ముక్కను 50 కిలోన్యూటన్లతో పైకి మోస్తోందంటే ఎ–బి కొసను అంతే బలంతో కిందికి నొక్కుతోందని అర్థం. ఇక్కడ బాణం తిప్పడం మరిచిపోతే మిగిలిన జవాబులన్నీ చెడిపోతాయి. ఎ–బి మీద పరచిన భారం 10 × 4 = 40, ఎ నుంచి 2 మీటర్ల దగ్గర. కొసన 50, ఎ నుంచి 4 మీటర్ల దగ్గర.

ఎ నిలువు ప్రతిచర్య = 40 + 50 = 90 కిలోన్యూటన్లు, పైకి
ఎ మూమెంట్ = 40 × 2 + 50 × 4 = 280 కిలోన్యూటన్ మీటర్లు, అపసవ్య దిశలో

అడ్డ ప్రతిచర్య సున్నా. దీనితో నాలుగు రాశులూ తేలాయి. బీమ్ ఏ లోహంతో చేశారో, ఎంత మందమో అడగాల్సిన అవసరం ఎక్కడా రాలేదు.

కీలును విడదీయకుండా, బి కుడివైపున్న బలాల మూమెంట్ల మొత్తం సున్నా అని ఒక్క వాక్యం రాసి కూడా సి కనుక్కోవచ్చు. తర్వాత మొత్తం బీమ్‌కు మూడు సమీకరణాలు రాస్తే ఎ దగ్గరివి వస్తాయి. జవాబులు అవే. కానీ ఆ దారిలో కీలు మోసే 50 కిలోన్యూటన్లు ఎక్కడా బయటపడవు. కీలులో వేసే పిన్ను మందం నిర్ణయించేది ఆ సంఖ్యే. కట్టడం కోసం లెక్క చేస్తున్నవాళ్లకు విడదీసే పద్ధతే మేలు.

ఏ సరిచూపు నిజమైన సరిచూపు

మామూలుగా చేసే సరిచూపు ఇలా ఉంటుంది. మొత్తం బరువు 100 + 30 = 130. ప్రతిచర్యలు 90 + 40 = 130. సరిపోయింది. ఎ చుట్టూ బరువుల మూమెంట్లు 100 × 5 + 30 × 6 = 680, సి ప్రతిచర్య తిప్పి ఇచ్చేది 40 × 10 = 400, తేడా 280. అదీ సరిపోయింది. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు.

ఇదే బీమ్‌ను ఒక విద్యార్థి మరో రకంగా చేశాడనుకుందాం. విడదీయడానికి ముందే, పొడవునా పరచిన భారాన్నంతా ఒకే బరువుగా మార్చేశాడు: 100 కిలోన్యూటన్లు, బీమ్ నడిమధ్యలో, ఎ నుంచి 5 మీటర్ల దగ్గర. ఆ బిందువు కీలుకు కుడివైపు ఒక మీటరు దూరంలో పడుతుంది. కాబట్టి అతని లెక్కలో మొత్తం 100 బి–సి ముక్క మీదికే వచ్చింది. బి చుట్టూ మూమెంట్లు 100 × 1 + 30 × 2 = 160, సి = 26.67. అప్పుడు కీలు బలం 103.33, ఎ నిలువు ప్రతిచర్య కూడా 103.33, ఎ మూమెంట్ 413.33.

ఈ జవాబులను పైన చేసినట్టే సరిచూస్తే 103.33 + 26.67 = 130. మూమెంట్లు 680 – 266.67 = 413.33. రెండూ చక్కగా సరిపోతాయి. జవాబులు మాత్రం తప్పు. ఎ దగ్గర మూమెంట్ అసలు విలువకు దాదాపు ఒకటిన్నర రెట్లుగా వచ్చింది, సి ప్రతిచర్య మూడింట ఒక వంతు తగ్గింది.

పరచిన భారాన్ని దాని మధ్యలో ఉంచిన ఒకే బరువుగా మార్చడం మొత్తం బీమ్ దృష్టిలో న్యాయమే, సమీకరణాల్లో ఏదీ మారదు. కానీ ఆ మార్పు కీలును దాటి జరిగింది. ఎడమ ముక్క మీద ఉండాల్సిన 40 కిలోన్యూటన్లు కుడి ముక్క మీదికి జరిగిపోయాయి. మొత్తం బీమ్ సమీకరణాలు కీలును చూడలేవు కాబట్టి ఈ తప్పునూ చూడలేవు. విడదీసిన తర్వాతే, ఏ ముక్క మీద ఉన్న భారాన్ని ఆ ముక్కలోనే ఒకటి చేయాలి.

కాబట్టి అసలైన సరిచూపు కీలు దగ్గర జరగాలి, అదీ మనం లెక్కలో వాడని వైపు నుంచి, మొదట ఇచ్చిన భారాలతో. మనం సి కోసం కుడి ముక్కను వాడాం కాబట్టి ఎడమ నుంచి చూడాలి. కీలు దగ్గర మూమెంట్ = 90 × 4 – 280 – 40 × 2 = 0. సరిపోయింది. తప్పు జవాబులతో చేస్తే 103.33 × 4 – 413.33 – 80 = –80 వస్తుంది. కీలులో 80 కిలోన్యూటన్ మీటర్ల మూమెంట్ ఉందని ఏ జవాబైనా చెబితే ఆ జవాబు చెల్లదు. ఈ సరిచూపుకు ఒక్క వరుస చాలు, దాన్ని వదిలేయడానికి కారణమేదీ లేదు.

పని సూత్రంతో మరో సరిచూపు ఉంది, అది పైన రాసిన సమీకరణాలను వాడదు. సి దగ్గర రోలర్‌ను తీసేసి ఆ కొసను ఒక యూనిట్ పైకి లేపినట్టు ఊహించండి. ఎ–బి కదలదు, బి–సి మాత్రం బి చుట్టూ తిన్నని గీతలాగే పైకి తిరుగుతుంది. 30 కిలోన్యూటన్ల బరువు 6 మీటర్లలో 2 మీటర్ల దగ్గర ఉంది కాబట్టి మూడింట ఒక వంతు లేస్తుంది. 60 కిలోన్యూటన్ల భారం సగటున సగం లేస్తుంది. సి × 1 = 30 ÷ 3 + 60 ÷ 2 = 40. చిత్రం గీయగానే జవాబు కనిపిస్తుంది. వంతెన మీద కదిలే బండి ఏ చోట ఉంటే ఏ ప్రతిచర్య ఎంత అన్నది చూపే ఇన్‌ఫ్లుయెన్స్ లైన్ కూడా ఈ వాలు గీతే. ఎ మూమెంటుకు అలాంటి గీత గీస్తే అది ఎ దగ్గర సున్నాతో మొదలై, కీలు దగ్గర 4 మీటర్ల ఎత్తుకు చేరి, సి దగ్గర మళ్లీ సున్నాకు దిగుతుంది. అంటే బండి సరిగ్గా కీలు మీద ఉన్నప్పుడే గోడకు గండం. మన 30 కిలోన్యూటన్ల బరువు ఇప్పుడున్న చోట గోడకు 80 కిలోన్యూటన్ మీటర్ల మూమెంట్ ఇస్తోంది. దాన్ని జరిపి కీలు మీద నిలిపితే 120 ఇస్తుంది.

కీలు మీదే బరువు, కీలు పక్కనే మెలి

బరువు సరిగ్గా కీలు మీదే ఉంటే దాన్ని ఏ ముక్కకు చెందినదిగా తీసుకోవాలి? దేనికైనా తీసుకోవచ్చు, కానీ ఒక్క దానికే. రెండు ముక్కల మీదా చూపిస్తే బరువు రెట్టింపవుతుంది. సపోర్టు ప్రతిచర్యలు ఏ ఎంపికతోనైనా ఒకటే వస్తాయి. కీలు బలం మాత్రం, మనం బరువును ఏ వైపు ఉంచామన్నదాన్ని బట్టి, వేరుగా కనిపిస్తుంది.

బరువుకు చెల్లే ఈ స్వేచ్ఛ మెలి జంటకు చెల్లదు. మన బీమ్ మీద వేరే భారమేదీ లేకుండా 60 కిలోన్యూటన్ మీటర్ల సవ్య దిశ మెలి ఒక్కటే, కీలుకు కొద్దిగా కుడివైపు, బి–సి ముక్క మీద ఉందనుకోండి. అప్పుడు సి = 60 ÷ 6 = 10 పైకి, కీలు బి–సిని 10తో కిందికి లాగుతుంది, ఎ–బి కొసను 10తో పైకి లేపుతుంది. ఎ ప్రతిచర్య 10 కిందికి, ఎ మూమెంట్ 40 సవ్య దిశలో. అదే మెలిని కీలుకు కొద్దిగా ఎడమకు, ఎ–బి ముక్క మీదికి జరిపితే బి–సి మీద ఏమీ లేదు, సి సున్నా, కీలు బలం సున్నా. మెలి అంతా గోడకే చేరుతుంది: 60 అపసవ్య దిశలో. మెలి జరిగింది కొన్ని మిల్లీమీటర్లే. కానీ గోడ ఇవ్వాల్సిన మూమెంట్ దిశే తిరగబడింది. కీలు దగ్గర మెలి ఉన్న ప్రశ్నలో అది ఏ ముక్కకు తగిలించి ఉందో చెప్పకపోతే ఆ ప్రశ్నకు జవాబు లేదు.

సపోర్టు కిందికి లాగాల్సి వచ్చినప్పుడు

గోడ లేని రకం వంతెనల్లో ఎక్కువ. ఎ దగ్గర పిన్ను సపోర్టు, 6 మీటర్ల దగ్గర బి రోలర్. బీమ్ బి దాటి 2 మీటర్లు ముందుకు చాచి ఉంది. ఆ కొసన సి కీలు, దాని మీద కూర్చునే 4 మీటర్ల ముక్క అవతలి డి రోలర్ దాకా. సి–డి ముక్క మధ్యలో 24 కిలోన్యూటన్ల బరువు ఉంది.

ఇక్కడ సి–డి మీద కూర్చునే ముక్క. బరువు దాని నడుమ ఉంది కాబట్టి సి 12, డి 12. ఎ–బి–సి ముక్క చాచిన కొసను 12 కిలోన్యూటన్లు కిందికి నొక్కుతున్నాయి. బి చుట్టూ మూమెంట్లు రాస్తే ఎ × 6 + 12 × 2 = 0, ఎ = –4. ఋణ గుర్తుకు అర్థం, ఎ సపోర్టు బీమ్‌ను మోయడం లేదు, లేచిపోకుండా కిందికి లాగి పట్టుకోవాలి. బి = 16. మొత్తం –4 + 16 + 12 = 24. కీలు దగ్గర ఎడమ నుంచి: –4 × 8 + 16 × 2 = 0.

ఇలాంటి ఋణ జవాబు రాగానే లెక్క తప్పిందేమోనని విద్యార్థులు గుర్తు మార్చేస్తుంటారు. మార్చకూడదు. ఆ గుర్తు సపోర్టు ఎలాంటిది కావాలో చెబుతోంది. ఎ దగ్గర ఊరికే దిమ్మె మీద ఆనించి వదిలేస్తే సి–డి మీదికి బండి ఎక్కగానే ఎ కొస లేస్తుంది. హౌరా వంతెన ఈ అమరికలోనే ఉంది. 1943లో వాడుకలోకి వచ్చిన ఆ వంతెన ప్రధాన విస్తారం 1500 అడుగులు. రెండు పక్కల నుంచి 468 అడుగుల చొప్పున చేతులు నది మీదికి చాచి ఉంటాయి, వాటి కొసల నడుమ 564 అడుగుల ముక్క వేలాడుతుంది. ఆ చేతుల వెనుక ఒడ్డు వైపున్న భాగాల కొసలను లేచిపోకుండా కిందికి కట్టి ఉంచారు. అక్కడ ఉన్నవి ట్రస్సులు, పైన మనం తీసుకున్నది బీమ్. కానీ సపోర్టు ప్రతిచర్యలు కనుక్కునే తర్కం ఒకటే: ముందు వేలాడే ముక్క, తర్వాత దాన్ని మోసే చేయి.

లెక్క సరిపోయినా నిలబడని బీమ్

తెలియని రాశుల సంఖ్య, మూడుకు కీళ్ల సంఖ్య కలిపితే వచ్చే సంఖ్యతో సమానమైతే బీమ్‌ను సమతాస్థితితోనే తేల్చవచ్చని పుస్తకాలు చెబుతాయి. ఆ నియమం అవసరమే కానీ చాలదు. ఎ దగ్గర పిన్ను, బి, సి, డి దగ్గర రోలర్లు ఉన్న మూడు గదుల బీమ్‌కు ప్రతిచర్యలు ఐదు. రెండు కీళ్లు పెడితే మూడు, రెండు కలిసి ఐదు. లెక్క సరిపోయింది. ఆ రెండు కీళ్లనూ మధ్య గదిలో పెడితే చక్కగా నిలుస్తుంది: రెండు చివరి ముక్కలు చేతులు చాస్తాయి, నడిమి ముక్క వాటి మీద కూర్చుంటుంది. రెండింటినీ మొదటి గదిలోనే, ఎ–బి నడుమ పెడితే ఆ గది కుంగిపోతుంది. పిన్ను, కీలు, కీలు ఒకే వరుసలో వచ్చి అక్కడ ఒక యంత్రం తయారవుతుంది. అదే సమయంలో బి, సి, డి మీద ఉన్న మిగతా భాగానికి ఒక సపోర్టు అదనంగా మిగిలిపోతుంది. ఒకచోట కొరత, ఒకచోట మిగులు, మొత్తం సంఖ్యలో రెండూ కలిసి కనబడకుండా పోతాయి.

కాగితం మీద దీన్ని ఎలా పసిగట్టాలి? ముక్కలు విడదీసి లెక్క చేస్తే సమీకరణాలే చెబుతాయి. ఎడమ చిన్న ముక్క నుంచి మొదటి కీలు బలం ఒక విలువగా వస్తుంది. రెండు కీళ్ల నడుమ ఉన్న ముక్క అదే కీలు బలానికి మరో విలువ ఇస్తుంది. రెండూ పొసగవు. ఎక్కడైనా ఒకే రాశికి రెండు విలువలు వచ్చినా, సున్నాతో భాగించాల్సి వచ్చినా, అది అంకగణితంలో దొర్లిన తప్పు కాకపోతే బీమే నిలబడదన్న మాట. విడదీసే పద్ధతికి ఉన్న ఈ గుణాన్ని నేను మిగతా అన్నిటికన్నా ఎక్కువ విలువైనదిగా చూస్తాను. ఏ ముక్క దేని మీద కూర్చుందో వరుసగా చెప్పుకుంటూ పోతే అస్థిరమైన బీమ్ దగ్గర ఆ వరుస తెగిపోతుంది.

కీలు వల్ల లాభం, కీలుకు చెల్లించే మూల్యం

కీలు పెట్టడం వల్ల గోడ దగ్గర మూమెంట్ తగ్గుతుందని కొందరు అనుకుంటారు. మన మొదటి బీమ్‌లో కీలు తీసేసి, పది మీటర్లూ ఒకే ముక్కగా, సమానమైన గట్టిదనంతో ఉంచితే సి ప్రతిచర్య దాదాపు 50.5 కిలోన్యూటన్లు, ఎ మూమెంట్ దాదాపు 175 వస్తాయి. కీలు పెట్టాక ఎ మూమెంట్ 280. అంటే ఇక్కడ కీలు గోడ భారాన్ని పెంచింది. కీలును ఎ వైపు జరిపితే ఎ మూమెంట్ తగ్గి బి–సి ముక్కలోని వంపు పెరుగుతుంది. ఇప్పుడున్న చోట బి–సిలో గరిష్ఠ మూమెంట్ 80 మాత్రమే, అది 30 కిలోన్యూటన్ల బరువు కిందే వస్తుంది. కీలు చోటు ఎంచుకోవడమంటే మూమెంట్‌ను ఎవరి మీద ఎంత వేయాలో నిర్ణయించడమే.

అసలు లాభం వేరు. సి కింద నేల 10 మిల్లీమీటర్లు కుంగిందనుకోండి. కీలు ఉన్న బీమ్‌లో బి–సి ముక్క కాస్త వాలుతుంది, ప్రతిచర్య ఒక్కటీ మారదు. సమతాస్థితి సమీకరణాల్లో కుంగుబాటుకు చోటే లేదు కాబట్టి ఇది ముందే తెలుస్తుంది. కీలు లేని బీమ్ ఐఎస్ఎంబి 500 ఉక్కు సెక్షన్ అయితే అదే కుంగుబాటుకు సి ప్రతిచర్య సుమారు 2.7 కిలోన్యూటన్లు తగ్గి, ఎ మూమెంట్ సుమారు 27 పెరుగుతుంది. అంటే 175 కాస్తా 202 అవుతుంది. మెత్తని నేలలో, నది మధ్య స్తంభాల మీద వంతెన కట్టేవాడికి గెర్బర్ పద్ధతి నచ్చింది ఇందుకే. కంప్యూటర్లు లేని కాలంలో లెక్క తేలికగా ఉండటం కూడా చిన్న సంగతి కాదు.

మూల్యం కూడా ఈ లక్షణంలోనే ఉంది. తెలియని రాశులు, సమీకరణాలు సరిసమానంగా ఉన్నాయంటే బీమ్‌లో మిగులు లేదు. ఒక్క సపోర్టు గానీ ఒక్క కీలు గానీ పోతే బరువుకు ఇంకో దారి ఉండదు. 1983 జూన్‌లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో మయానస్ నది వంతెనలో ఇదే జరిగింది. వేలాడే ముక్కను పట్టి ఉంచిన పిన్ను, హ్యాంగర్ జోడు తుప్పు వల్ల విడిపోయింది. ఆ ముక్క మొత్తం నదిలో పడి ముగ్గురు చనిపోయారు. కెనడాలోని లావల్‌లో డి లా కాంకార్డ్ ఓవర్‌పాస్ 2006 సెప్టెంబరులో కూలి ఐదుగురు చనిపోయారు. అది కాంక్రీటు వంతెన. వేలాడే ముక్క కూర్చునే చాచిన చేయి కొస దగ్గర కాంక్రీటు షియర్‌లో తెగింది. వాన నీరు, మంచు కరగడానికి చల్లే ఉప్పు చేరేది ఇలాంటి అతుకుల దగ్గరికే. ఆ మూలల్లోకి చూసి పరీక్షించడం కష్టం.

కాగితం మీది కీలు ఘర్షణ లేనిది, మూమెంట్‌ను ఏమాత్రం మోయనిది. తుప్పు పట్టి బిగుసుకుపోయిన పిన్ను అలా ఉండదు. అది మూమెంట్‌ను కొంత మోస్తుంది, దాంతో పై లెక్కలోని సున్నా సున్నాగా మిగలదు. ఉష్ణోగ్రత మారినప్పుడు సాగాల్సిన చోట సాగనివ్వదు, హ్యాంగర్‌లో ఎవరూ లెక్కించని వంపు పుడుతుంది. అందుకే వంతెన తనిఖీకి వెళ్లిన ఇంజనీరు కీలు దగ్గర రెండు సంగతులు చూస్తాడు: బలాన్ని మోసే లోహం ఎంత మిగిలింది, ఆ కీలు ఇంకా తిరుగుతోందా లేదా.